సారా ఉద్యమాన్ని పత్రిక పెంచిందా, ఉద్యమమే పత్రికను నడిపిందా?

హారిక_పీజీ
అందరికీ నమస్కారం. జర్నలిజం పీజీ రెండో ఏడాదిలో ఉన్నాను. ప్రాజెక్టు అంశం అజెండా సెట్టింగ్, అంటే జనం దేని గురించి ఆలోచించాలో పత్రికలు, టీవీ నిర్ణయిస్తాయా అన్నది. అమెరికా ఉదాహరణలు అందరూ రాస్తారు, మనది ఏదైనా తీసుకోమని మా గైడ్ అన్నారు కాబట్టి 1992 నెల్లూరు సారా వ్యతిరేక ఉద్యమం తీసుకున్నాను. ఇప్పుడు ఎవర్ని అడిగినా రెండే జవాబులు. కొందరు "ఈనాడు రోజూ సారాపై సమరం అని పేజీ వేసింది, అందుకే ఉద్యమం వచ్చింది" అంటున్నారు. ఇంకొందరు "ఆడవాళ్లు చేశారు, పేపరు వెనకాల వచ్చింది" అంటున్నారు. నా బాధేమిటంటే, ఇందులో ఏది నిజమో తేల్చడం ఎలా? పాత పేపర్లు లైబ్రరీలో దొరుకుతున్నాయి. వార్తలు లెక్కపెట్టగలను. కానీ లెక్కపెట్టి ఏం చెప్పగలనో అర్థం కావడం లేదు.

కావలి_సుబ్బారావు
అమ్మా హారికా, మాది ఆ జిల్లానే. ఇందులో తేల్చడానికేముంది? ముందు జరిగింది దూబగుంటలో. కలిగిరి మండలం. 1991లో అక్షరదీపం పేరుతో జిల్లా అంతా రాత్రి బడులు పెట్టారు, జనవిజ్ఞాన వేదిక వాళ్లు, కళాజాతాలు, అధికారులు అందరూ తిరిగారు. వాచకంలో సీతమ్మ కథ అని మొగుడి తాగుడుకి బలైపోయిన ఆడమనిషి పాఠం ఉండేది. అది చదివి ఆడవాళ్లు మాట్లాడుకోవడం మొదలైంది, రోశమ్మ గారి వెంట నడిచి ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ సంగతే మళ్లీ తరవాతి వాచకంలో "ఆడవాళ్లు ఏకమైతే" అని పాఠంగా వచ్చింది. ఇది చదివి పక్క ఊళ్లవాళ్లు లేచారు. పేపరు పేజీ పెట్టింది 1992 రెండో సగంలో. అప్పటికి నిప్పు రాజుకుని ఎన్నాళ్లయింది? ఆ ఆడవాళ్లలో పేపరు చదివేవాళ్లెవరు? కాబట్టి పత్రిక ప్రభావం సున్నా అని రాసెయ్.

పాతడెస్క్
సుబ్బారావు గారూ, మొదటి సగం మీరు చెప్పింది అక్షరాలా నిజం. "సున్నా" దగ్గరే నాకు పేచీ. నేను ఆ రోజుల్లో ఒక తెలుగు దినపత్రిక జిల్లా డెస్క్‌లో సబ్ ఎడిటర్‌ని. పేరు వద్దు. లోపల పని ఎలా జరుగుతుందో చెప్తాను.

ఒక విషయానికి రోజూ ఒక పేజీ అని ప్రకటించాక ఆ పేజీ ఖాళీగా ఉండటానికి వీల్లేదు. సాయంత్రానికి మ్యాటర్ కావాలి. డెస్క్ నుంచి మండల విలేకరులకి కబురు వెళ్తుంది, మీ దగ్గర సారా మీద ఏమైనా ఉందా అని. విలేకరికి అచ్చయిన వార్తకు సెంటీమీటర్ల లెక్కన డబ్బులు. నిన్నటిదాకా ఊళ్లో ఇరవై మంది ఆడవాళ్లు సారా కొట్టు ముందు కూర్చుంటే అది వార్త కాదు, పంపినా సింగిల్ కాలమ్‌లో రెండు ముక్కలు వచ్చేది, లేదంటే చెత్తబుట్టలోకి పోయేది. పేజీ పెట్టాక అదే వార్త మూడు కాలాలు, ఫొటోతో. విలేకరి ఊరూరూ తిరిగి వెతుకుతాడు. ఫలానా ఊళ్లో చేశారట, మీరు ఎప్పుడు చేస్తున్నారని అడుగుతాడు కూడా. ఇది నేను చూశాను. మరి ఉద్యమం పెరిగిందా, వార్త పెరిగిందా? రెండూ. దేని వాటా ఎంతో ఆ పేజీ చూసి చెప్పలేం. హారిక గారి అసలు చిక్కు ఇదే. 1989 నుంచి ఈనాడుకి జిల్లా టాబ్లాయిడ్లు ఉన్నాయి కాబట్టి అంత చిన్న వార్తకు చోటు దొరికిందన్నది కూడా గుర్తుపెట్టుకోండి. అంతకు ముందైతే కలిగిరి మండలం వార్త మెయిన్ ఎడిషన్‌లో పట్టేది కాదు.

విజయ్_డల్లాస్
అంటే ఆ రోజుల్లోనే ఫేక్ న్యూస్ ఉండేదన్నమాట. ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చేవి చూస్తుంటే భయమేస్తోంది, మా నాన్నగారు రోజూ ఏదో ఒక వీడియో పంపి ఇది నిజమేనా అని అడుగుతారు. పెయిడ్ న్యూస్ మీద చట్టం తేవాలి. హారిక గారు దాని మీద రాస్తే జనానికి ఎక్కువ ఉపయోగం.

హారిక_పీజీ
విజయ్ గారూ, నేను అడిగేది అబద్ధం వార్తల గురించి కాదండీ. సారాపై సమరం పేజీలో ఒక్క అబద్ధం లేదనుకుందాం, ప్రతి ఊరి వార్తా నిజమే అనుకుందాం. అయినా ఆ పేజీ వల్ల రాష్ట్రంలో జనం దేని గురించి ఆలోచించాలో మారిందా అన్నది ప్రశ్న.

సుధారాణి_కమ్యూ
హారికా, ఇప్పుడు ప్రశ్న సరిగ్గా అడిగావు. నేను ఇరవై ఏళ్లుగా ఈ సబ్జెక్టే చెప్తున్నాను, నువ్వు ఇరుక్కున్న చోట మొదట్లో అందరూ ఇరుక్కున్నారు.

1968లో మెక్‌కూంబ్స్, షా అనే ఇద్దరు పరిశోధకులు నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్‌లో, ఎవరికి ఓటెయ్యాలో ఇంకా తేల్చుకోని వంద మందిని అడిగారు, దేశంలో ముఖ్యమైన సమస్యలేవి అని. అక్కడి జనం చూసే పేపర్లలో, టీవీలో ఏ సమస్యకు ఎంత చోటు దొరికిందో లెక్కపెట్టారు. రెండు వరుసలూ దాదాపు ఒకేలా వచ్చాయి, సహసంబంధం 0.967. 1972లో ఆ వ్యాసం అచ్చయ్యాక అంతా అదే పట్టుకున్నారు. కానీ రెండు వరుసలు కలిశాయంటే ఏది దేన్ని లాగిందో తెలియదు కదా. జనం బాధపడుతున్నదే పేపరు రాసి ఉండొచ్చు. పాతడెస్క్ గారు అన్నదీ ఇదే.

దాన్ని విడదీసింది అయ్యంగార్, కిండర్. 1980 చివర్లో, 81 మొదట్లో, న్యూ హేవెన్‌లో మామూలు జనాన్ని డబ్బిచ్చి పిలిచి, వారం పాటు రోజూ సాయంత్రం వార్తలు చూపించారు. వాళ్లకు తెలియకుండా మధ్యలో పాత కథనాలు అతికించారు, ఒక గుంపుకి రక్షణ గురించి, ఇంకో గుంపుకి కాలుష్యం గురించి, మరో గుంపుకి ధరల గురించి. వారం ముందూ తరవాతా ఏ సమస్య ఎంత ముఖ్యం అని అడిగారు. రక్షణ చూసినవాళ్ల దృష్టిలో రక్షణ పైకి వచ్చింది, కాలుష్యం చూసినవాళ్లకు కాలుష్యం. ఇక్కడ వార్తలు మార్చింది పరిశోధకులే కాబట్టి ఏది కారణమో సందేహం లేదు. అయితే ధరలు చూసిన గుంపులో మార్పు రాలేదు. ఎందుకంటే ఆ రోజుల్లో ధరల పెరుగుదల అప్పటికే అందరి మనసులోనూ పై మెట్టు మీద ఉంది. ఇంకా ఎక్కడికి పెరుగుతుంది?

నీ జవాబు ఆ ధరల గుంపులో ఉంది. దూబగుంట ఆడవాళ్లకు సారా అలాంటిది. కూలి డబ్బులు సాయంత్రానికి సారా ప్యాకెట్లకు పోతుంటే అది ముఖ్యమైన సమస్య అని పేపరు చెప్పాలా? వాళ్ల విషయంలో సుబ్బారావు గారి సున్నా నిజమే. పేపరు ఎవరి మనసు మార్చిందీ అంటే, సారా ఇంట్లో లేని వాళ్లది. హైదరాబాద్‌లో, విజయవాడలో పేపరు కొనుక్కునే ఇళ్లు, పార్టీ ఆఫీసులు, మంత్రులు. కాబట్టి "జనం" అని ఒక ముద్దగా పెట్టుకోకు. ఎవరి అజెండా అని విడదీసి అడుగు.

ఉద్దానం_బిడ్డ
సుధారాణి మేడమ్ చెప్పింది చదివి రాయాలనిపించింది. మాది శ్రీకాకుళం జిల్లా, ఉద్దానం. మా చిన్నాన్న డయాలసిస్ మీద ఉండి పోయారు, మా వీధిలో ఇంకా చాలా మంది. ఎన్నో ఏళ్లుగా ఇదే. మాకు ఇది సమస్య అని ఏ పేపరూ చెప్పక్కర్లేదు. కానీ రాష్ట్రం దృష్టికి ఎప్పుడు వచ్చింది? 2017 జనవరిలో పవన్ కల్యాణ్ గారు ఇచ్ఛాపురం వచ్చినప్పుడు టీవీల వాళ్లందరూ దిగారు. నెల రోజులు ఎక్కడ చూసినా మేమే. తరవాత వెళ్లిపోయారు. జబ్బు వెళ్లలేదు. మా వాళ్లు చనిపోవడం ఆగలేదు, వార్త ఆగింది. పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023లో తెరిచారు, ఆ రోజు మళ్లీ వార్త. మధ్యలో ఏళ్లు ఎవరికీ కనబడవు. నెల్లూరు వాళ్లకు రోజూ పేజీ ఎందుకు దొరికింది, మాకు ఎందుకు దొరకలేదు, అది మీ ప్రాజెక్టులో రాయండి అక్కా.

పాతడెస్క్
తమ్ముడూ, మీ చిన్నాన్న గారి సంగతి చదివి బాధగా ఉంది. మీరు అడిగినదానికి డెస్క్ వైపు నుంచి నాకు తెలిసింది చెప్తాను, ఇది సమర్థన కాదు. సారాలో రోజుకో కొత్త ఘటన ఉండేది. ఇవాళ ఈ ఊళ్లో కొట్టు మూయించారు, రేపు జీపును ఆపారు, ఎల్లుండి వేలంపాట ఆగింది. ఆ ఏడాది నెల్లూరులో సారా అమ్మే హక్కు కోసం సర్కారు పెట్టే వేలంపాటలు ఆడవాళ్లు అడ్డుకోవడం వల్ల మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. ప్రతి వాయిదా ఒక హెడ్డింగ్. ఎదురుగా కాంట్రాక్టరు, ఎక్సైజ్ శాఖ ఉన్నారు, వేలం తేదీ ఉంది. మీ దగ్గర జబ్బు మెల్లగా చంపుతుంది. కారణం ఇదీ అని డాక్టర్లే తేల్చి చెప్పలేకపోయారు. వేలు చూపించడానికి ఎదుటి మనిషి లేడు. రోజూ ఒకేలా ఉండే బాధను వార్తగా రాయడం మా వృత్తికి చేతకాదు. అది మా లోపం, మీ బాధ చిన్నదవడం వల్ల కాదు.

భాస్కర్_గుంటూరు
ఇంతసేపూ అసలు సంగతి ఎవరూ అనలేదు. ఈనాడుకి ఆడవాళ్ల మీద ప్రేమ పుట్టుకొచ్చిందా? 1992లో కాంగ్రెస్ ప్రభుత్వం. ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దన్‌రెడ్డిది నెల్లూరు జిల్లానే. పోటీ పత్రిక ఉదయం, దాసరి నారాయణరావు గారు 1984లో పెట్టింది, అప్పటికి మాగుంట సుబ్బరామిరెడ్డి గారి చేతిలో ఉంది. ఆయనది మద్యం వ్యాపారం, కాంగ్రెస్ ఎంపీ. ఒక్క పేజీతో ప్రభుత్వానికీ, పోటీ పత్రికకీ ఇద్దరికీ దెబ్బ. అంతకు ముందు ఎన్టీఆర్ గారి హయాంలో వారుణివాహిని పేరుతో ప్రభుత్వమే సారా ప్యాకెట్లు ఊరూరికీ పంపినప్పుడు ఇలాంటి రోజువారీ పేజీ ఎక్కడుంది?

సుధారాణి_కమ్యూ
భాస్కర్ గారూ, మీ చివరి ప్రశ్న చాలా మంచిది, ఆ మాటను హారిక తప్పకుండా చూడాలి. కానీ ఉద్దేశం వేరు, ప్రభావం వేరు. పత్రిక ఎందుకు వేసిందో తెలిసినంత మాత్రాన చదివినవాళ్లలో ఏం మారిందో తెలియదు. స్వార్థంతో వేసినా జనం మీద పని చేయొచ్చు, మంచి మనసుతో వేసినా పని చేయకపోవచ్చు. ఉద్దేశం గురించి ఎడిటర్ మనసులోకి వెళ్లి చూడలేం కాబట్టి కొలవగలిగింది కొలుద్దాం. మీరు చెప్పిన పోటీ వల్ల హారికకు ఒక అదృష్టం దక్కింది. అదే జిల్లా, అవే రోజులు, ఒకే ఘటన, రెండు పత్రికలు. ఈనాడు, ఉదయం పక్కపక్కన పెట్టి చదివితే ఫ్రేమింగ్ కళ్లకు కనబడాలి. ఉదయం తప్పకుండా తక్కువే రాసి ఉంటుందని ముందే అనుకోకు, లెక్కపెట్టు.

హారిక_పీజీ
ఫ్రేమింగ్ దగ్గరే నాకు గందరగోళం మేడమ్. ఒకే ఘటనను రెండు రకాలుగా రాయడం అంటే పక్షపాతం అనేనా?

పాతడెస్క్
దీనికి నేను చెప్తాను, ఎందుకంటే చేతులతో చేసిన పని. అలాంటి వార్త ఒకటి ఊహించండి. ఒకటో రకం ఇంట్రో:

"గ్రామంలోకి వచ్చిన సారా జీపును మహిళలు అడ్డుకున్నారు. ప్యాకెట్లను రోడ్డుపై పారబోసి, ఇక తమ ఊళ్లో సారా అమ్మనిచ్చేది లేదని చెప్పారు."

రెండో రకం:

"సారా తరలిస్తున్న జీపుపై కొందరు దాడి చేసి సరుకు ధ్వంసం చేశారు. కాంట్రాక్టరు ఫిర్యాదు మేరకు పోలీసులు కేసు నమోదు చేశారు."

రెండింట్లోనూ అబద్ధం లేదు. మొదటిది చదివితే "పాపం, ఎన్నాళ్లు భరిస్తారు" అనిపిస్తుంది. రెండోది చదివితే "శాంతిభద్రతలు ఏమైపోతున్నాయి" అనిపిస్తుంది. రెండోది రాసిన విలేకరి కాంట్రాక్టరు దగ్గర డబ్బు తీసుకున్నాడని అనుకోనక్కర్లేదు. అతను ఆ రోజు ఊరికి వెళ్లలేదు, అలవాటు ప్రకారం సాయంత్రం పోలీస్ స్టేషన్‌కి వెళ్లి ఎఫ్ఐఆర్ చూసి రాశాడు, అంతే. స్టేషన్‌లో దొరికే వార్తలో ఎప్పుడూ ముద్దాయి ఉంటాడు, ఫిర్యాదుదారు ఉంటాడు. ఊళ్లో దొరికే వార్తలో కూలి డబ్బులుంటాయి, దెబ్బలుంటాయి, పిల్లలుంటారు. వార్త ఏ గుమ్మం నుంచి వచ్చిందో చూడండి హారిక గారూ, ఫ్రేము సగం అక్కడే తయారైపోతుంది. మీ షీటులో "ముందు ఎవరి మాట ఉంది" అని ఒక గడి పెట్టుకోండి. ఆడమనిషా, పోలీసా, కాంట్రాక్టరా, మంత్రా.

కావలి_సుబ్బారావు
ఇది ఒప్పుకుంటాను. మా దగ్గర రెండు రకాలూ చదివాం. కానీ సున్నా అన్నదాని మీద నేను ఇంకా అక్కడే ఉన్నాను. 1993 ఏప్రిల్ 15న మా జిల్లాలో సారా ఆగింది, అక్టోబర్ 1న రాష్ట్రమంతా. ఆడవాళ్లు వేలంపాట జరగనివ్వకపోతే ప్రభుత్వం వేరే ఏం చెయ్యగలదు? పేపరు లేకపోయినా ఆగేదే.

సుధారాణి_కమ్యూ
నెల్లూరులో ఆగేదేమో సుబ్బారావు గారూ, అక్కడ వేలమే జరగలేదు కనుక. మీరు చెప్పిన రెండు తేదీల మధ్య ఐదున్నర నెలలు చూడండి. ఉద్యమం అంత బలంగా లేని జిల్లాల్లో కూడా అక్టోబర్‌లో ఎందుకు ఆగింది? ముఖ్యమంత్రి అంతకు ముందే, 1992 అక్టోబర్‌లోనే మారి కోట్ల విజయభాస్కరరెడ్డి గారు వచ్చారు, ప్రతిపక్షం సారాను పట్టుకుంది, ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. ఒక జిల్లా గొడవ రాష్ట్రం సమస్య అయింది ఆ రెండు తేదీల మధ్యలోనే. పత్రిక పని ఎక్కడైనా ఉంటే అక్కడ ఉంటుందని నా అనుమానం. రుజువు కాదు.

హారికా, దానికి ఇలా చెయ్. 1992 జనవరి నుంచి 1993 అక్టోబర్ దాకా తీసుకో. అన్ని రోజులూ చదవలేవు. రెండేసి నెలలకు ఒక వారం కట్టుకో. ఆ రెండు నెలల్లో వచ్చే సోమవారాలన్నిట్లో ఒకటి చీటీ తియ్యి, మంగళవారాల్లో ఒకటి, అలా ఆదివారం దాకా. వరసగా ఒక వారం తీసుకుంటే ఆ వారంలోనే పెద్ద ఘటన జరిగి లెక్కంతా వంగిపోతుంది. ఒక్కో వార్తకు కాలమ్ సెంటీమీటర్లు, ఏ జిల్లా, ఏ పేజీ, ముందు ఎవరి మాట, ఇవి రాసుకో. నెల్లూరు వార్తల్నీ బయటి జిల్లాల వార్తల్నీ విడిగా పెట్టు. పక్కన శాసనసభ చర్చల సంపుటాలు తీసి, సారా మీద ప్రశ్నలు ఏ తేదీల్లో వచ్చాయో గుర్తించు. పేపర్లో పెరిగాక సభలో పెరిగిందా, సభలో గొడవయ్యాక పేపర్లో పెరిగిందా, ఆ వరస కొంత చెప్తుంది. పూర్తిగా చెప్పదు, ఎందుకంటే రెండింటినీ మూడోది, అంటే వీధిలో ఉద్యమం, లాగుతూ ఉండొచ్చు. ఇంకో మాట, నీతోపాటు మరొకరి చేత కొన్ని వార్తలు విడిగా గుర్తు పెట్టించు. ఇద్దరి గుర్తులూ కలవకపోతే షీటు మళ్లీ రాసుకోవాలి.

భాస్కర్_గుంటూరు
మరి 1997 సంగతి? 1994 డిసెంబర్‌లో ఎన్టీఆర్ గారు మద్యనిషేధం అని గెలిచారు, 1995 జనవరి నుంచి అమలు చేశారు. 1997లో చంద్రబాబు గారి ప్రభుత్వం ఎత్తేసింది. ఆ ఆడవాళ్లే ఉన్నారు, ఆ తాగుడే ఉంది. సారాపై సమరం పేజీ ఎక్కడికి పోయింది?

పాతడెస్క్
ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడని విషయం. విషయం అదే, మాట్లాడే చోటు మారింది. 1992లో మద్యం అంటే ఇల్లు. 1997కి మద్యం అంటే ఖజానా. ఆదాయం పోతోంది, పక్క రాష్ట్రాల నుంచి దొంగ సరుకు వస్తోంది, నాటుసారా పెరిగింది, సంక్షేమ పథకాలకు డబ్బెక్కడిది, ఇవి ప్రభుత్వం చెప్పిన కారణాలు, వీటిలో నిజం కూడా ఉంది. కానీ ఖజానా కథలో మాట్లాడేది ఆర్థిక మంత్రి, అధికారులు. అందులో కలిగిరి ఆడమనిషికి కుర్చీ లేదు. ఆమె వచ్చి ఏం చెప్పినా "మరి లోటు ఎలా పూడుస్తారు" అన్నదానికి జవాబు కాదు. చర్చ నిషేధం కావాలా వద్దా అని నడుస్తున్నట్టే ఉంటుంది, ఆమె మాత్రం అందులో ఉండదు.

హారిక_పీజీ
సార్, ఇక్కడ ఒక సందేహం. అయ్యంగార్ 1991 పుస్తకంలో, టీవీలో ఒక పేద మనిషి కథ విడిగా చూపిస్తే చూసినవాళ్లు తప్పు ఆ మనిషిదే అన్నారనీ, దేశం మొత్తం పరిస్థితిగా చూపిస్తే ప్రభుత్వానిదీ సమాజానిదీ అన్నారనీ ఉంది. మరి సారా పేజీ నిండా ఒక్కొక్క ఆడమనిషి కథలే కదా. ఆ లెక్కన చదివినవాళ్లు "ఆ మొగుడు వెధవ" అని ఊరుకోవాలి. ప్రభుత్వాన్ని ఎందుకు తప్పుపట్టారు?

పాతడెస్క్
పక్కనే వేలంపాట వార్త ఉండేది కాబట్టి. మొగుడి కథ, దాని పక్కనే సర్కారు వేలం. చదివేవాడే రెండూ కలుపుకున్నాడు.

సుధారాణి_కమ్యూ
అంత సులువుగా నేను ఒప్పుకోలేను. పేజీలో పక్కన ఉందని పాఠకుడు కలుపుకున్నాడని మనకెలా తెలుసు? వారుణివాహిని రోజుల నుంచే సారా సర్కారుదే అని ఊళ్లో అందరికీ తెలుసు, పేపరు కలపకముందే కలిసి ఉండొచ్చు. సూసీ తారు, తేజస్విని నిరంజన 1994 వ్యాసంలో ఈ ఉద్యమ మహిళను ఒక్కొక్కరు ఒక్కో రకంగా తమకు కావలసినట్టు ఎలా చూపించుకున్నారో రాశారు. అది చదువు హారికా. అయ్యంగార్ చూసింది టీవీ, అమెరికా, పేదరికం. ఇక్కడికి అలాగే వర్తిస్తుందని అనుకోవడానికి లేదు, వర్తించదనీ అనలేం.

ఉద్దానం_బిడ్డ
అంటే మా కిడ్నీ వార్తల్లో ఒక్కో రోగి కథ చూపించడం వల్ల మాకు నష్టమే జరిగిందా మేడమ్? మా దగ్గరికి వచ్చిన ప్రతి కెమెరా అడిగింది "నీళ్లు ఏవి తాగుతారు, ఏం తింటారు" అని. ఆ వీడియోల కింద కామెంట్లలో చాలా మంది మా అలవాట్లే కారణమని రాశారు.

సుధారాణి_కమ్యూ
మీరు చెప్పింది అయ్యంగార్ చెప్పినదానికి చాలా దగ్గరగా ఉంది. కామెంట్లు రాసేవాళ్లు చూసినవాళ్లలో ఒక ముక్క మాత్రమే కాబట్టి రుజువు అనను. మీ దగ్గర ఆ వీడియోలు భద్రంగా ఉన్నాయా? ఉంటే తేదీలతో సహా దాచండి, ఎవరో ఒకరు దీన్ని సరిగ్గా చెయ్యాలి.

హారిక_పీజీ
మీ అందరివల్లా నా ప్రశ్న మారింది. "పత్రిక ఉద్యమాన్ని పుట్టించిందా" అన్నది తీసేస్తున్నాను. 1993 ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా నెల్లూరు బయటి వార్తలు, శాసనసభ ప్రశ్నలు, ఈనాడు, ఉదయం పక్కపక్కన, ముందు ఎవరి మాట ఉంది, ఇంతవరకే పెట్టుకుంటాను. అంతకు ముందు నెలలు పోల్చుకోవడానికి మాత్రమే. సుబ్బారావు గారూ, అక్షరదీపం వాచకాలు మీ దగ్గర ఎవరి ఇంట్లోనైనా ఉన్నాయా?

కావలి_సుబ్బారావు
మా అక్క దగ్గర ఒకటి ఉండాలి, అడుగుతాను. సున్నా మాత్రం వెనక్కి తీసుకోను, నువ్వు లెక్కపెట్టి చూపించు, అప్పుడు మాట్లాడదాం.